కొత్త తేదీ దాకా ఆగలేనివాళ్ళు

మా తెలుగు సంఘం ఏడాది చివర తెచ్చే సంచికలో, సేవా కార్యక్రమాల పేజీలో, నా ఫొటో కింద నాలుగు వాక్యాలు అచ్చయ్యాయి. ఉద్యోగాలు పోయినవాళ్ళ కోసం పెట్టిన వెబినార్ వాయిదా పడినప్పుడు, పేరు నమోదు చేసుకున్నవాళ్ళలో ఒక్కరికి కూడా ఇబ్బంది కలగకుండా నేను దగ్గరుండి చూసుకున్నానని ఆ వాక్యాల సారాంశం. అందులో వెబినార్ వాయిదా పడిందన్న మాట మాత్రం నిజం. మిగతాది సరిచేయాలని సంపాదకుణ్ణి అడిగాను. ఆయన కొంచెం ఇబ్బందిపడి, ఒక పేజీ ఇస్తాను గానీ ఎక్కువ రాయొద్దన్నారు. ఎక్కువే అయింది. కృతజ్ఞతలు చెప్పుకోవలసినవాళ్ళు ఎక్కువమంది ఉన్నప్పుడు అలాగే అవుతుందేమో.

ఆ ఏడాది టెక్సస్‌లోని ప్లేనోలో మా చుట్టుపక్కల ఇళ్ళలో ఉద్యోగాల మాట తప్ప వేరే మాట లేదు. పుట్టినరోజు పార్టీలో కేకు కోస్తుంటే కూడా వెనకాల ఎవరో ఒకరు "మీ టీమ్‌లో ఎవరైనా వెళ్ళారా?" అని అడుగుతూ ఉండేవారు. గ్రీన్‌కార్డు ఉన్న నాలాంటివాళ్ళకు ఉద్యోగం పోవడం ఒక రకం కష్టం. హెచ్‌-వన్ వీసా మీద ఉన్నవాళ్ళకు అది వేరే కష్టం. ఉద్యోగం ఆగిన రోజు నుంచి వాళ్ళకు మహా అయితే అరవై రోజుల గడువు. ఆలోగా ఇంకో కంపెనీ వాళ్ళ తరఫున పిటిషన్ వేయాలి, లేదా వాళ్ళు వేరే వీసా హోదాకు దరఖాస్తు చేసుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి.

అందుకని సంఘం తరఫున ఒక ఇమ్మిగ్రేషన్ లాయరుగారితో ఉచిత వెబినార్ పెట్టాలని కమిటీలో అనుకున్నాం. ఒక శనివారం ఉదయం పదకొండింటికి. ఆఫీసులో నేను ప్రాజెక్ట్ మేనేజర్ని. రోజంతా మీటింగులు పెట్టడం, మార్చడమే నా పని కాబట్టి వెబినార్ ఖాతా నా చేతికిచ్చారు. రిజిస్ట్రేషన్ ఫారం నేనే తయారుచేశాను. పేరు, ఈమెయిలు, ఊరు, లాయరుగారిని అడగదలచుకున్న ఒక ప్రశ్న. ఫోన్ నంబరు కూడా అడుగుదామని మా సెక్రటరీ అంటే నేనే వద్దన్నాను. ఫారం పొడుగైతే జనం సగంలో వదిలేస్తారని నా వాదన. ఆ సంగతి మళ్ళీ వస్తుంది.

సెక్రటరీ గురించి ఇక్కడే చెప్పాలి. ఆమెది వరంగల్. ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. నాకంటే పదేళ్ళు చిన్నది. నన్ను అన్నా అంటుంది గానీ, ఆ పిలుపు వల్ల నాకు దక్కిన మర్యాద ఏమీ లేదు. వేరేవాళ్ళు రాసినదాంట్లో తప్పులు వెతకడమే ఆమె ఉద్యోగం. ఆదివారాలు కూడా ఆ ఉద్యోగం మానదు.

మూడు వారాల ముందు ఫారం తెరిస్తే సీట్లు తొందరగానే నిండిపోయాయి. మా రాష్ట్రం నుంచే కాదు, న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి, మిషిగన్ నుంచి, ఎక్కడెక్కడినుంచో చేరారు. ఒక్కొక్కరినీ చూసి ఆమోదిస్తే వాళ్ళకు విడిగా ఒక లింకు మెయిల్లో వెళ్ళేది. సీట్లు నిండిన తర్వాత వచ్చినవాళ్ళను పెండింగ్‌లో ఉంచాం.

సరిగ్గా వెబినార్ జరగాల్సిన వారమే, బుధవారం ఉదయం, లాయరుగారి దగ్గరనుంచి మెసేజ్ వచ్చింది. ఆవిడ భర్తకు హఠాత్తుగా గుండె ఆపరేషన్. శనివారం కుదరదు, క్షమించండి, మూడు వారాల తర్వాతి శనివారం తప్పకుండా చేస్తాను అని రాశారు. అందులో ఎవరి తప్పూ లేదు. ఆవిడ ఆ స్థితిలో కూడా మాకు మెసేజ్ పెట్టారంటే అది ఆవిడ గొప్పతనం.

నాకది చిన్న పనిలాగే కనిపించింది. ఉన్న వెబినార్ క్యాన్సిల్ చేసి, కొత్త తేదీకి కొత్తది పెట్టి, అందరినీ మళ్ళీ రిజిస్టర్ చేసుకోమని ఒక మెయిల్ పంపిస్తే అయిపోతుంది. మెయిల్ రాసి, పంపే ముందు సెక్రటరీకి చూపించాను. లంచ్ టైములో ఫోన్ చేసింది.

"అన్నా, ఏందిది? మళ్ళ రిజిస్టర్ కావాల్నా?"

"అవును. కొత్త తేదీ కదా."

"క్యాన్సిల్ కొడితే ఉన్నోళ్ళ లింకులన్నీ చచ్చిపోతయ్. ఆళ్ళు రాసిన క్వశ్చన్లు పోతయ్. మొదటిరోజే జాగ సంపాయించినోడు, పెండింగ్‌ల ఉన్నోడు, అందరు మళ్ళ ఒక్కటే లైన్ల నిలబడాలె. లాయర్ రాకపోతే శిక్ష ఆళ్ళకా?"

"మరేం చేద్దాం?"

"క్యాన్సిల్ కొట్టకు. అదే వెబినార్ ఓపెన్ చేసి డేట్ ఒక్కటి ఎడిట్ చెయ్. రిజిస్ట్రేషన్లు అట్లనే ఉంటయ్, లింకు అదే ఉంటది. నువ్వు రోజు ఆఫీస్‌ల చేసే పనే గదా అన్నా ఇది."

ఆఫీసులో నేను చేసేది ఖచ్చితంగా అదే. అక్కడ ఒక మీటింగు వాయిదా వేయాలంటే రద్దు చేయను, తేదీ మారుస్తాను. సంఘం పని వచ్చేసరికి అది ఎందుకో గుర్తురాలేదు. ఆఫీసు పనికి ఉన్న శ్రద్ధ ఈ పనికి లేదని ఒప్పుకోవడమే మర్యాద.

తేదీ మార్చాను. నోటీసు కూడా ఆమె తిరగరాసింది. నేను రాసినదాంట్లో సంఘం సేవల గురించి ఒక పేరా, లాయరుగారి అనుభవం గురించి ఒక పేరా, మీ సహకారానికి ముందస్తు ధన్యవాదాలు, ఆ తర్వాత ఎక్కడో తేదీ ఉంది. ఆమె రాసింది ఇది:

"ఈ శనివారం వెబినార్ లేదు. మూడు వారాల తర్వాతి శనివారం, ఉదయం పదకొండు గంటలకు, సెంట్రల్ టైమ్. న్యూజెర్సీ, మిషిగన్ వాళ్ళకు మధ్యాహ్నం పన్నెండు. మీ రిజిస్ట్రేషన్ అలాగే ఉంది. మళ్ళీ చేసుకోనక్కర్లేదు. మీకు ఇదివరకు వచ్చిన లింకే పనిచేస్తుంది. మీరు రాసిన ప్రశ్న మా దగ్గర భద్రంగా ఉంది. మీ క్యాలెండర్‌లో పాత తేదీ దానంతటది మారదు, దయచేసి మీరే మార్చుకోండి. కొత్త తేదీకి రాలేకపోతే ఈ మెయిల్ చివర ఉన్న క్యాన్సిల్ నొక్కండి. ఎదురుచూస్తున్న మరొకరికి ఆ సీటు వెళ్తుంది."

అసలు తేదీ కూడా అంకెల్లో పైనే పెట్టింది. దీనికింద నా పేరు, వెబినార్ కోఆర్డినేటర్ అనే హోదా. అలా పంపడం మా పద్ధతి. అక్కడినుంచి మొదలైంది, నాది కానిది నా పేరు మీద వెళ్ళడం.

మరునాడు ఉదయం చూస్తే సంఘం మెయిల్ బాక్సులో బోలెడు తిరుగు మెయిళ్ళు. ఈ చిరునామాకు చేరలేదు, ఈ చిరునామా లేదు, అని. పెద్ద లిస్టుకు పంపితే కొన్ని వెనక్కి రావడం మామూలే. అక్షరాలు తప్పు కొట్టి ఉంటారనుకుని వాటన్నిటినీ ఒక ఫోల్డరులోకి తోసేశాను. నా మనసులో అక్కడికి ఆ పని ముగిసింది.

ఆ బాక్సు సెక్రటరీ కూడా చూస్తుంది. ఆ మధ్యాహ్నం నేను ఇండియన్ గ్రోసరీ బయట పార్కింగ్‌లో, కారులోకి కొత్తిమీర కట్టలు, ఇడ్లీ రవ్వ పెడుతుండగా మళ్ళీ ఫోన్.

"బౌన్సులు చూసినవా అన్నా?"

"చూశాను. మామూలే కదా."

"ఏం చూసినవ్? అన్నీ కంపెనీ మెయిళ్ళు. ఒక్క జీమెయిల్ లేదు."

"ఆఫీసు మెయిలుతో రిజిస్టరయ్యారు. అలవాటు. నేనూ అలాగే చేస్తాను."

"రిజిస్టర్ అయిననాడు ఆ మెయిల్ పనిచేసింది. ఆళ్ళకు లింక్ పోయింది. ఇప్పుడు లేదు. మూడు వారాలల్ల ఒక మనిషి ఆఫీస్ మెయిల్ ఎట్ల మాయమైతది, చెప్పు."

చేతిలో ఇడ్లీ రవ్వ సంచితో అలాగే నిలబడిపోయాను. నేను మూటగట్టి పక్కన పడేసినవాళ్ళు అక్షరాలు తప్పు కొట్టినవాళ్ళు కాదు. ఈ వెబినార్ ఎవరికోసం పెట్టామో సరిగ్గా వాళ్ళు. ఉద్యోగం పోయిన రోజే ల్యాప్‌టాప్‌కు తాళం పడుతుంది. దాంతోపాటు మెయిలు పోతుంది, మెయిల్లో ఉన్న మా లింకు పోతుంది, క్యాలెండర్ పోతుంది. వాయిదా సంగతి వాళ్ళకు తెలిసే దారి లేదు. కొత్తగా రిజిస్టరవుదామంటే పెండింగ్‌లోకి వెళ్తారు. వాళ్ళ సీట్లేమో చచ్చిపోయిన చిరునామాల పేరు మీద పదిలంగా ఉన్నాయి. ఫోన్ చేద్దామంటే, ఫోన్ నంబరు వద్దన్నది నేనే.

"సరే," అన్నాను, "వాళ్ళ పేర్లు వాట్సాప్ గ్రూపులో పెడదాం. వీళ్ళ మెయిళ్ళు వెనక్కి వచ్చాయి, తెలిసినవాళ్ళుంటే చెప్పండి అని. గంటలో అందరూ దొరుకుతారు."

ఆమె మెల్లిగా అంది.

"జాబ్ పోయినోళ్ళ పేర్లు అంతమందిల పెడతవా? ఇంట్ల కూడ చెప్పనోళ్ళు ఉంటరన్నా. పొద్దున లేసి, షర్ట్ ఏసుకొని, లైబ్రరీకి పోయి కూసునేటోళ్ళు ఉంటరు."

నేను ఆ గ్రూపును అప్పటికే తెరిచి పెట్టుకున్నాను. మూసేశాను. ఆ ఒక్క ఫోన్ కాల్‌కు ఎంతమంది తరఫున ఆమెకు రుణపడి ఉన్నానో లెక్క చెప్పలేను. వాళ్ళకు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. తెలియకపోవడమే మంచిది.

ఆమె గ్రూపుల్లో పెట్టిన మెసేజ్‌లో ఎవరి పేరూ లేదు. వెబినార్ వాయిదా పడింది. ఆఫీసు మెయిలుతో రిజిస్టరై, ఏ కారణం చేతనైనా ఆ మెయిల్ ఇప్పుడు చూడలేకపోతున్నవారు సొంత మెయిల్ నుంచి మాకు ఒక్క లైను రాయండి. మీ సీటు మీదే, దాన్ని కొత్త చిరునామాకు మారుస్తాం. అంతే. 'ఏ కారణం చేతనైనా' అన్న మాట ఆమె చాలాసేపు ఆలోచించి పెట్టిందట. ఆ మాట చాటున ఎవరైనా తలదించుకోకుండా రావచ్చు.

వచ్చారు. రిజిస్టరైన మనిషి మెయిలు చిరునామా మార్చే వీలు అందులో లేదు. పాతది రద్దుచేసి, కొత్త చిరునామాతో మళ్ళీ చేర్చి ఆమోదించాలి, అప్పుడు కొత్త లింకు వెళ్తుంది. రద్దు చేసేటప్పుడు ఆ సంగతి తెలియజేసే మెయిలు వెళ్ళకుండా టిక్ తీసెయ్యమని ఆమె నాకు రెండుసార్లు చెప్పింది. కొన్ని కంపెనీల్లో వెళ్ళిపోయినవాళ్ళ మెయిళ్ళు మేనేజరుకు చేరతాయట. ఒక్కొక్కరికీ ఆ పని నేను చేశాను. నాకు న్యాయంగా దక్కవలసిన మెప్పు ఏదైనా ఉంటే అది ఈ టిక్కులు తీసినందుకు.

ఆ సాయంత్రమే మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి ఒక అమ్మాయి రాసింది. కార్ల విడిభాగాల కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని. ఉద్యోగం పోయి నెల దాటింది. భర్త వీసా ఆమె వీసా మీదే ఆధారపడి ఉంది. ఏడునెలల పాప. పాపను చూసుకోవడానికి తల్లి గుంటూరు నుంచి వచ్చి ఉంది. ఉద్యోగం పోయాకే సొంత మెయిలుతో రిజిస్టరైంది కాబట్టి సీటు మార్చమని అడగలేదు. "సర్, మీ కొత్త తేదీకి ముందు వారమే నా గడువు అయిపోతుంది. ఒక చిన్న కంపెనీ ఉద్యోగం ఇస్తానంటోంది. కానీ గడువులోపు అప్రూవల్ రాదు కాబట్టి కుదరదేమో అంటున్నారు. వాళ్ళు ఇంతకుముందు ఎవరికీ హెచ్‌-వన్ చేయలేదు. ఈ ప్రశ్న అడగడానికే రిజిస్టరయ్యాను. టికెట్లు చూస్తున్నాం. ఏదైనా దారి ఉందా?"

శుక్రవారం పొద్దున్న, రెండు ఆఫీసు మీటింగుల మధ్య, నేను జవాబు రాశాను. ఆ జవాబు నాకు కంఠతా వచ్చు. "వెబినార్ అనివార్య కారణాల వల్ల వాయిదా పడినందుకు చింతిస్తున్నాము. వ్యక్తిగత న్యాయసలహా ఇవ్వడం మా పరిధిలో లేదు. కొత్త తేదీకి మీ రిజిస్ట్రేషన్ చెల్లుతుంది. మీరు అర్థం చేసుకున్నందుకు ధన్యవాదాలు." అందులో ఒక్క అబద్ధం లేదు. లాయరు కానివాడు లాయరు మాటలు చెప్పకూడదన్నదీ నిజమే. కానీ నీ గడువు ముగిశాక నీ సీటు భద్రం అని ఒక పసిపాప తల్లికి రాసి, కాఫీ కలుపుకోవడానికి వెళ్ళాను.

మధ్యాహ్నం సెక్రటరీ ఫోన్ చేసింది. ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఆ మిషిగన్ పిల్లకు నువ్వు రాసింది చదివిన."

"మనం సలహా ఇవ్వకూడదు కదా."

"సలహా ఇయ్యమన్లే. లాయర్ ఆఫీస్‌ల లాయర్ ఒక్కతే ఉంటదా? వేరేటోళ్ళు ఉండరా? ఒక్క ఫోన్ చేస్తే పోయేదేముండె?"

"ఆవిడ హాస్పిటల్లో ఉంది. ఇబ్బంది పెట్టడం ఎందుకని..."

"ఇబ్బంది పెట్టుడు నాకొస్తది తియ్."

నిజంగానే వస్తుంది. ఆఫీసుకు ఫోన్ చేసింది. అక్కడివాళ్ళు లాయరుగారికి చెప్పారు. ఆవిడ ఆసుపత్రి వరండాలోంచి స్వయంగా తిరిగి ఫోన్ చేసి, నేను లేకపోతే మా జూనియర్ లాయరు ఉన్నాడు, కొత్త తేదీకి ముందే గడువు అయిపోయేవాళ్ళు ఎవరున్నా పంపించండి, ఒక్కొక్కరితో కాసేపు ఉచితంగా మాట్లాడతాడు అన్నారట. భర్త ఇంకా ఐసీయూలో ఉండగా. ఆవిడకు ఈ పేజీలో నమస్కారం చేసుకుంటున్నాను.

ఆ సాయంత్రం రిజిస్టరైన అందరికీ రెండో మెయిల్ వెళ్ళింది. మొదటి నోటీసులో మా ఇద్దరికీ తట్టని విషయం అందులో ఉంది. "మీ గడువు కొత్త తేదీకి ముందే ముగుస్తుంటే వెబినార్ కోసం ఆగకండి. ఈ మెయిలుకు ఈ రోజే జవాబు రాయండి. లాయరుగారి ఆఫీసువారు మీతో విడిగా మాట్లాడతారు. వెబినార్‌లో మీ సీటు ఎలాగూ ఉంటుంది." వెబినార్ వాయిదా వేయడం మా చేతిలో ఉంది, వాళ్ళ గడువు వాయిదా వేయడం ఎవరి చేతిలోనూ లేదు. పేరు నమోదు భద్రంగా ఉంటే మనిషి భద్రంగా ఉన్నట్టేనని నేను అనుకున్నాను.

ఆ మెయిలూ ఆమె రాసిందే. అడుగున మామూలుగా నా పేరు. అదే కాక, మిషిగన్ అమ్మాయికి విడిగా ఇంకో మెయిల్ కూడా నా పేరు మీదే వెళ్ళిందని నాకు అప్పుడు తెలియదు.

సోమవారం జూనియర్ లాయరు ఆ అమ్మాయితోనూ, ఆ చిన్న కంపెనీ వాళ్ళతోనూ మాట్లాడాడు. వాళ్ళు అనుకుంటున్నది తప్పు. గడువులోపు అప్రూవల్ రావలసిన పనిలేదు. పిటిషన్ దాఖలై అందితే చాలు. అయితే దానికి ముందు కార్మిక శాఖ నుంచి ఒక ధ్రువీకరణ తెచ్చుకోవాలి, దానికే వారం పైన పడుతుంది, మొదటిసారి వేసే కంపెనీకి వివరాలు సరిచూసుకోవడానికి ఇంకా కొన్ని రోజులు. అంటే ఆ సోమవారం మొదలుపెడితే అందుతుంది. మూడు వారాలు ఆగి, శనివారం పొద్దున్నే నా లింకు నొక్కి కూర్చుంటే అందదు.

గడువుకు కొద్దిగా ముందు పిటిషన్ అందిన రసీదు వచ్చింది. ఆ అమ్మాయి టికెట్లు కొనలేదు.

వెబినార్ కొత్త తేదీకి బాగా జరిగింది. లాయరుగారు వచ్చారు, కొంచెం చిక్కి. ఆవిడ భర్త కోలుకుంటున్నారని ముందే చెప్పారు. చివర్లో ప్రశ్నలు రాసే చోట మిషిగన్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. ప్రశ్న కాదు. నా పేరు రాసి, "ఆ సర్ మెయిల్ రాకపోతే మేము ఇవాళ ఇక్కడ ఉండేవాళ్ళం కాదు" అని రాసింది. లాయరుగారు దాన్ని పైకి చదివారు. చాలామంది కింద చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను హోస్టుని. మైకు నా చేతిలోనే ఉంది. ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. "మనకు టైమ్ అయిపోతోంది, తర్వాతి ప్రశ్నకు వెళ్దాం" అన్నాను.

ఆ తర్వాత సంచిక వచ్చింది. నా భార్య ఆ పేజీ తీసి చదివి, నా వైపు చూసి, "ఇందులో ఆవిడ పేరేది?" అంది. ఆ ఫోన్ల సంగతులన్నీ నా నోటే విన్న మనిషి కాబట్టి. "రాసినవాళ్ళకు తెలియక..." అని నసిగాను. "తెలిసినవాళ్ళు చెప్పకేమో" అని సంచిక బల్ల మీద పెట్టి కూర తరగడానికి వెళ్ళిపోయింది.

ఆ వారాంతం సెక్రటరీ ఇంటికి వెళ్ళాను. ఆమె గరాజులో సంక్షేమ కార్యక్రమాల బ్యానర్లు మడతపెడుతోంది. రెండో కొస పట్టుకుని అడిగాను, ఆ అమ్మాయికి నా పేరు మీద ఎందుకు రాశావు అని.

"మరి ఎవరి పేరు మీద రాయాలె?"

"నీ పేరు మీద. చేసింది నువ్వు."

"నీ జవాబు సదివి ఆ పిల్ల బాత్రూంల పోయి ఏడ్చిందంట, వాళ్ళమ్మకు తెల్వకుండ. తర్వాత ఆ జూనియర్ లాయర్‌తోని చెప్పిందంట. కొట్టినట్టు రాసిన పేరుతోనే మంచిమాట కూడ పోతే, మొదటిది కంప్యూటర్ల పొరపాటు, ఈళ్ళు మంచోళ్ళే అనుకుంటది గదా. ఇంకోసారి సంఘాన్ని అడగనీకె భయపడది." బ్యానర్ కొస లాగింది. "సరిగ పట్టుకో అన్నా, ముడుతలు వస్తున్నయ్."

నా పేరు కాపాడాలని కాదు ఆమె అలా చేసింది. ఆ అమ్మాయి కోసం చేసింది. అయినా కాపాడబడింది నా పేరే. ఎన్ని విధాలుగా చూసినా ఆమెకు కృతజ్ఞత తప్ప ఇంకేమీ చెప్పలేను. చెప్పబోతే టీ తాగుతావా అని అడిగింది.

మరుసటి రోజు మెయిల్లో నంబరు అడిగి తీసుకుని మిషిగన్‌కు ఫోన్ చేశాను. మొదట ఆ అమ్మాయి తల్లి ఎత్తారు. నేనెవరో చెప్పగానే, "అయ్యో బాబూ, మీరా, మీ పేరు రోజూ అనుకుంటాం. మీ పిల్లలు చల్లగా ఉండాలి" అన్నారు. వెనకాల పాప ఏదో గిన్నె మోగిస్తోంది. తర్వాత ఆ అమ్మాయి వచ్చింది. అంతా చెప్పాను. మొదటి జవాబు నేను రాసింది, రెండోది మా సెక్రటరీ రాసింది, లాయరుగారికి ఫోన్ చేసింది కూడా ఆమే, ఆ రోజు వెబినార్‌లో నోరు మూసుకుని ఊరుకున్నది నేను.

"మొదటి మెయిలా?" అంది. "అది అప్పుడే డిలీట్ చేసేశాను సర్. రెండోదే ఉంచుకున్నా. మా అమ్మకి చదివి వినిపించా కూడా."

"రెండోది నాది కాదమ్మా."

పాప చేతిలోంచి గిన్నె తీసుకున్నట్టుంది, చప్పుడు ఆగింది.

"అయితే ఆ అక్క నంబర్ ఇవ్వండి సర్," అంది. తర్వాత, నేను ఇంకా ఏమీ అనకముందే, నవ్వుతూ, "మీరు రాసింది నా దగ్గర లేదు కదా, మీ మీద కోపం పెట్టుకోవడానికి ఆధారం కూడా లేదు" అంది.

నంబరు ఇవ్వడానికి ముందు సెక్రటరీని అడిగాను. ఇమ్మంది. వాళ్ళిద్దరూ ఇప్పుడు పాప పళ్ళ గురించి, గుంటూరు కారం వరంగల్ వాళ్ళ నాలుకకు చాలదన్న విషయం గురించి మాట్లాడుకుంటూ ఉంటారని విన్నాను.

ఈమధ్య పన్నుల మీద పెట్టిన వెబినార్ ఒకటి వాయిదా వేయవలసి వచ్చింది. నోటీసు నేనే రాశాను. కొత్త తేదీ మొదటి వాక్యంలో ఉంది. రిజిస్ట్రేషన్లు ఏమవుతాయో రెండో వాక్యంలో ఉంది. దాని కింద, ఆ తేదీలోపు ఎవరికైనా గడువు ముగిసేది ఉంటే ఆగకుండా ఈ రోజే రాయమని ఉంది. ఫారంలో ఫోన్ నంబరు గడి ఉంది. పంపే ముందు సెక్రటరీకి చూపించాను. చదివి, ఒక్కటే మార్పు చేసింది. అడుగున నా పేరు పక్కన తన పేరు కూడా పెట్టింది. నేను అడగలేదు. ఎందుకని కూడా అడగలేదు.